ఫ్లోరిన్ పుట్టడానికి ఎంత శక్తి కావాలి?

కేన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందో చూడటానికి పెట్ స్కాన్ చేస్తారు. అంతకుముందు రోగికి సూదితో ఎక్కించే ద్రవంలో ఒక రకం చక్కెర ఉంటుంది. గ్లూకోజు లాంటిదే, కాకపోతే అందులో ఒకచోట ఫ్లోరిన్-18 పరమాణువును అతికించి ఉంచుతారు. ఈ ఫ్లోరిన్‌ను గనిలోంచి తవ్వి తెచ్చుకోలేం, సీసాలో పోసి దాచుకోలేం. 110 నిమిషాలు గడిచేసరికి ఉన్నదాంట్లో సగం ఆక్సిజన్‌గా మారిపోతుంది. అందుకని ఏ రోజుకు కావలసింది ఆ రోజే, సైక్లోట్రాన్ అనే యంత్రంతో తయారు చేసుకోవాలి. మన దేశంలో ఈ పనికి తొలి వైద్య సైక్లోట్రాన్ 2002లో ముంబయిలోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో వచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లోనూ పెట్ స్కాన్ మామూలు పరీక్షల్లో ఒకటి.

తయారీ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. ఆక్సిజన్-18 దండిగా ఉన్న నీటిని కొన్ని మిల్లీలీటర్లు తీసుకుని ఒక చిన్న లోహపు అరలో పోస్తారు. దానిమీదికి వేగంగా పరుగెత్తే ప్రోటాన్లను వదులుతారు. ప్రోటాన్ వెళ్లి ఆక్సిజన్ కేంద్రకంలో దూరితే, అక్కడి నుంచి ఒక న్యూట్రాన్ బయటికి వస్తుంది. మిగిలేది ఫ్లోరిన్-18.

¹⁸O + p → ¹⁸F + n

మరి ఆ ప్రోటాన్‌కు కనీసం ఎంత శక్తి ఉండాలి? యంత్రం స్విచ్ వేయకుండానే, ఒక్క ప్రయోగమైనా చేయకుండానే దీనికి జవాబు రాబట్టవచ్చు. కావలసింది పరమాణు ద్రవ్యరాశుల పట్టిక ఒకటి, కూడికలు, తీసివేతలు, చివర ఒక గుణకారం.

ఈ లెక్కకు ఆధారం ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సంగతి: ద్రవ్యరాశి కూడా శక్తే. చర్యకు ముందున్న పరమాణువుల ద్రవ్యరాశిని ఒకవైపు, తర్వాత మిగిలినవాటి ద్రవ్యరాశిని మరోవైపు కూడి, మొదటి మొత్తంలోంచి రెండోది తీసేయాలి. వచ్చిన తేడాను శక్తిగా మార్చి చెబితే అదే ఆ చర్య క్యూ విలువ. అది ధన సంఖ్య అయితే కొంత ద్రవ్యరాశి కరిగి శక్తిగా బయటపడిందన్నమాట. రుణ సంఖ్య అయితే చర్య తర్వాతి సరుకే బరువైనది. ఆ అదనపు బరువును తయారు చేయడానికి కావలసిన శక్తిని దూసుకొచ్చే కణమే మోసుకురావాలి.

ద్రవ్యరాశులను ఎక్కడ చూడాలి? ప్రపంచంలోని ప్రయోగశాలలు కొలిచిన విలువలన్నిటినీ ఒకదానితో ఒకటి సరిపోల్చి, పొసగనివాటిని పరిశీలించి, కొన్నేళ్లకొకసారి ఒక పట్టికగా ప్రచురిస్తుంటారు. అటామిక్ మాస్ ఇవాల్యుయేషన్ అని దాని పేరు. తాజాగా వాడుకలో ఉన్నది 2020 నాటి మదింపు, 2021లో అచ్చయింది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి ఐసోటోపుకూ ఒక వరుస ఉంటుంది. వరుసలో కొన్ని అంకెల పక్కన # గుర్తు కనిపిస్తుంది. ఆ విలువను ప్రయోగంతో కొలవలేదు, చుట్టుపక్కల ఐసోటోపుల ధోరణిని బట్టి అంచనా కట్టారు అని దాని అర్థం. మన లెక్కలోని నాలుగింటికీ ఆ గుర్తు లేదు. అన్నీ కొలిచినవే.

పాఠశాల గోడమీద వేలాడే ఆవర్తన పట్టిక మాత్రం ఈ పనికి పనికిరాదు. అందులో ఆక్సిజన్ దగ్గర కనిపించే 15.999 అనేది ప్రకృతిలోని ఆక్సిజన్ ఐసోటోపులన్నిటి సగటు. ప్రోటాన్ ఢీకొనేది సగటును కాదు, ఫలానా ఒక కేంద్రకాన్ని. ప్రకృతిలోని ఆక్సిజన్‌లో ఆక్సిజన్-18 వాటా సుమారు 0.2 శాతమే. అందుకే దాన్ని వేరు చేసి చిక్కబరిచిన నీటికి అంత ఖరీదు.

ఇక లెక్కలోకి వద్దాం. ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం కార్బన్-12 పరమాణువు బరువులో పన్నెండో వంతు. 1961 నుంచి ప్రపంచమంతా దీన్నే వాడుతోంది. ఆ ప్రమాణంలో ఆక్సిజన్-18 ద్రవ్యరాశి 17.999160, హైడ్రోజన్-1 ద్రవ్యరాశి 1.007825. రెండూ కలిపితే 19.006985. చర్య తర్వాత ఫ్లోరిన్-18 ద్రవ్యరాశి 18.000937, న్యూట్రాన్‌ది 1.008665. కలిపితే 19.009602. ముందున్న దానికంటే వెనక మిగిలింది 0.002617 ఎక్కువ. ఒక ప్రమాణం ద్రవ్యరాశికి సమానమైన శక్తి 931.494 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. (ఒక ఎలక్ట్రాన్‌ను పది లక్షల వోల్టుల తేడాలో పరుగెత్తిస్తే అది పొందే శక్తి ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు. ఇకమీదట దీన్ని ఎంఈవీ అందాం.) గుణిస్తే 2.438 వస్తుంది. ద్రవ్యరాశి పెరిగింది కాబట్టి ముందు రుణ గుర్తు పెట్టాలి.

Q = −2.438 ఎంఈవీ

చూడటానికి ఎంతో తేలికైన లెక్క. పొరపాటు జరిగేది కూడా ఆ తేలికలోనే. పందొమ్మిదికి కాస్త అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యలను తీసివేస్తే చేతికి మిగిలింది మూడో దశాంశ స్థానంలో మొదలయ్యే చిన్న తేడా. చదువుకునే పిల్లలు మూడు దశాంశ స్థానాలు చాలులే అనుకుని కుదించారనుకోండి: 17.999కి 1.008 కలిపితే 19.007. 18.001కి 1.009 కలిపితే 19.010. తేడా 0.003. శక్తిలోకి మారిస్తే 2.79 ఎంఈవీ. అంటే విలువ దాదాపు ఏడో వంతు తప్పింది. మొదట్లో కుదించినప్పుడు ఒక్కో సంఖ్యలో పోయింది ఏమంత కనిపించదు, కానీ జవాబే అంత చిన్నదైనప్పుడు ఆ పోయిందే పెద్దదవుతుంది. కనీసం ఆరు దశాంశ స్థానాలదాకా ఉంచుకుని, కుదింపు చివర చేయాలి.

ఈ బెడద లేకుండా పని కానిచ్చే మార్గం పట్టికలోనే ఉంది. ప్రతి ఐసోటోపు వరుసలో ద్రవ్యరాశి ఆధిక్యం అనే మరో విలువ ఇస్తారు. పరమాణువు అసలు ద్రవ్యరాశిలోంచి దాని ద్రవ్యరాశి సంఖ్యను, అంటే 18, 1 లాంటి పూర్ణాంకాన్ని తీసేసి, మిగిలిన పిసరును నేరుగా శక్తిగా రాసేస్తారు. అటూ ఇటూ ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం పందొమ్మిదే కాబట్టి పూర్ణాంకాలు ఎలాగూ కొట్టుకుపోతాయి. ఆక్సిజన్-18కి ఆధిక్యం −0.783 ఎంఈవీ, హైడ్రోజన్‌కు 7.289. మొత్తం 6.506. ఫ్లోరిన్-18కి 0.873, న్యూట్రాన్‌కు 8.071. మొత్తం 8.944. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే −2.438. ఈ రంగంలో రోజూ పనిచేసేవారు ఎక్కువగా వాడేది ఈ దారే. పెద్ద సంఖ్యలను మోయక్కర్లేదు, చివరి గుణకారం కూడా అక్కర్లేదు.

శ్రద్ధగా చదివేవారికి ఈపాటికి ఒక అనుమానం వచ్చి ఉండాలి. దూసుకొచ్చేది వట్టి ప్రోటాన్ కదా, లెక్కలో హైడ్రోజన్ పరమాణువు బరువు ఎందుకు వేశాం? అందులో ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉంది కదా?

ఉంది. ఉండాలి కూడా. పట్టికలో ఉన్నవి కేంద్రకాల ద్రవ్యరాశులు కావు, ఎలక్ట్రాన్లతో సహా మొత్తం పరమాణువులవి. ఆక్సిజన్ పరమాణువు బరువులో 8 ఎలక్ట్రాన్లు కలిసే ఉన్నాయి, హైడ్రోజన్‌లో ఒకటి. ఎడమవైపు మొత్తం 9. కుడివైపు ఫ్లోరిన్ పరమాణువులో 9, న్యూట్రాన్‌కు ఎలక్ట్రాన్లే లేవు. రెండువైపులా తొమ్మిదే కాబట్టి తీసివేతలో అవి పూర్తిగా కొట్టుకుపోతాయి, కేంద్రకాల మధ్య తేడా మాత్రమే మిగులుతుంది. ఎలక్ట్రాన్లను కేంద్రకానికి కట్టి ఉంచే శక్తిలో కాస్త తేడా మిగిలే మాట నిజమే కానీ, అది ఇక్కడ లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్నది.

అలా కాకుండా హైడ్రోజన్ చోట వట్టి ప్రోటాన్ ద్రవ్యరాశి 1.007276 వేస్తే ఏమవుతుంది? భౌతికశాస్త్ర పుస్తకం వెనక స్థిరాంకాల జాబితాలో మొదట కంటబడేది ఆ సంఖ్యే. అప్పుడు ఎడమవైపు ఎనిమిది ఎలక్ట్రాన్లు, కుడివైపు తొమ్మిది. క్యూ విలువ −2.949 అని వస్తుంది. సరైన విలువకూ దీనికీ తేడా 0.511 ఎంఈవీ. అది సరిగ్గా ఒక ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి సమానమైన శక్తి. కేంద్రక భౌతికశాస్త్రంలో ఎవరి లెక్క అయినా 0.511 గానీ, దానికి రెట్టింపు 1.022 గానీ తప్పిందంటే మరో కారణం వెతకనక్కర్లేదు. ఎలక్ట్రాన్లను లెక్కపెట్టడంలో ఎక్కడో జారారన్నమాటే.

వచ్చిన జవాబు సరైనదేనని రూఢి చేసుకోవడానికి ఫ్లోరిన్-18 తానే ఒక దారి చూపిస్తుంది. అది పాజిట్రాన్‌ను వదిలి తిరిగి ఆక్సిజన్-18గా మారుతుంది. అలా వెలువడే పాజిట్రాన్లకు ఉండే గరిష్ఠ శక్తి 0.634 ఎంఈవీ. ఈ మార్పులో మాత్రం ఎలక్ట్రాన్లు వాటంతట అవి సరిపోవు. పాజిట్రాన్ ఒకటి కొత్తగా పుట్టింది, పైగా ఫ్లోరిన్‌కు ఉండాల్సిన తొమ్మిదో ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌కు అక్కర్లేక మిగిలిపోయింది. ఆ రెండింటి ద్రవ్యరాశికీ 1.022 కలపాలి. అప్పుడు రెండు పరమాణువుల మధ్య తేడా 1.656 ఎంఈవీ. ఇక న్యూట్రాన్‌కూ హైడ్రోజన్ పరమాణువుకూ తేడా 0.782 ఎంఈవీ. ఇవి రెండూ కలిపితే 2.438. ఫ్లోరిన్ ఆక్సిజన్‌గా మారేటప్పుడు ఇచ్చే శక్తిని కొలిచి, దాన్ని పుట్టించడానికి అయ్యే శక్తిని లెక్కగట్టామన్నమాట. వేరే దారిలో వెళ్లినా అదే సంఖ్య దగ్గరికి చేరడం చూస్తే ముచ్చటేస్తుంది.

అయితే ప్రోటాన్‌కు 2.438 ఎంఈవీ ఇస్తే చర్య జరుగుతుందా? జరగదు.

కారణం ద్రవ్యవేగం. ప్రోటాన్ దూసుకొస్తోంది, ఆక్సిజన్ నిశ్చలంగా ఉంది. ఢీకొనక ముందు ఈ రెండింటికీ కలిపి ముందువైపు కొంత ద్రవ్యవేగం ఉంది. ఆ మొత్తం ఢీకొన్న తర్వాత కూడా అంతే ఉండాలి, మారడానికి వీల్లేదు. ప్రోటాన్ శక్తి అంతా కొత్త ద్రవ్యరాశిగా మారిపోతే ఫ్లోరిన్, న్యూట్రాన్ పుట్టినచోటే కదలక నిలబడిపోవాలి. అప్పుడు ద్రవ్యవేగం ఏమైపోయినట్టు? కాబట్టి అవి ముందుకు కదిలి తీరాలి. ఆ కదలికకు కొంత గతిజ శక్తిని పక్కన పెట్టక తప్పదు. అతి తక్కువ ఖర్చుతో పని కావాలంటే రెండూ ఒకదానికొకటి దూరం జరగకుండా ఒకే వేగంతో ముందుకు సాగాలి. సరిగ్గా అలా జరగడానికి చాలినంత శక్తినే ఆరంభ శక్తి అంటారు.

దాన్ని కట్టే సూత్రం చిన్నది. దూసుకొచ్చే కణం ద్రవ్యరాశి m, నిశ్చలంగా ఉన్నదాని ద్రవ్యరాశి M అయితే:

E = −Q × (m + M) / M

మన సంఖ్యలు వేస్తే 2.438ని 19.007తో గుణించి 17.999తో భాగించాలి. వచ్చేది 2.575 ఎంఈవీ. ఇందులో సుమారు పందొమ్మిదో వంతు, అంటే 0.137 ఎంఈవీ, కదలికకే పోతుంది. మిగిలిన 2.438 ద్రవ్యరాశిగా మారుతుంది. ఖచ్చితమైన సాపేక్షతా సూత్రం దీనికంటే కాస్త పొడవైనది కానీ, ఇంత తక్కువ శక్తుల దగ్గర రెండింటికీ తేడా నాలుగో అంకెలో కూడా తేలికగా కనిపించదు.

ఈ సూత్రంలో ఏది కదులుతోంది, ఏది నిలబడి ఉంది అన్నది ఎంత ముఖ్యమో చూడాలంటే చర్యను తిరగేయాలి. హైడ్రోజన్‌ను నిశ్చలంగా ఉంచి ఆక్సిజన్-18 కేంద్రకాన్నే దానిమీదికి వదిలామనుకుందాం. చర్య అదే, క్యూ విలువ అదే. కానీ ఇప్పుడు భాగించేది 17.999తో కాదు, 1.008తో. ఆరంభ శక్తి 2.575 నుంచి ఏకంగా 46 ఎంఈవీకి ఎగబాకుతుంది. బరువైన కణం తేలికైనదాన్ని గుద్దినప్పుడు శక్తిలో అత్యధిక భాగం రెండింటినీ ముందుకు నెట్టడానికే ఖర్చవుతుంది మరి. తేలిక కణంతో బరువైన లక్ష్యాన్ని కొట్టడమే చవక.

అంత కష్టపడి రాబట్టిన 2.575 అనే సంఖ్య సైక్లోట్రాన్ దగ్గర దేనికి పనికొస్తుంది? ముంబయి యంత్రం లాంటివి ప్రోటాన్లకు 16.5 ఎంఈవీ శక్తినిస్తాయి. ఆరంభ శక్తికి ఆరు రెట్లకు పైనే. అయినా ప్రోటాన్ ఆ శక్తితో నీటిలోకి దిగి, అదే శక్తితో ఆగిపోదు. నీటి అణువుల్లోని ఎలక్ట్రాన్లను కదిలిస్తూ అడుగడుగునా శక్తిని పోగొట్టుకుంటుంది. సుమారు మూడు మిల్లీమీటర్లు పోయేసరికి పూర్తిగా ఆగిపోతుంది. ఈ ప్రయాణంలో ఏ చోటైనా ఫ్లోరిన్ పుట్టవచ్చు, 5 ఎంఈవీ పరిసరాల్లో ఆ అవకాశం బాగా ఎక్కువ. శక్తి 2.575కి పడిపోయిన క్షణం నుంచి, అంటే చివరి పదో వంతు మిల్లీమీటరు మేర, ప్రోటాన్ ఇంకా కదులుతూనే ఉన్నా ఒక్క ఫ్లోరిన్ కేంద్రకాన్నీ పుట్టించలేదు. పట్టికలోని అంకెలు నీటిలో ఒక గీత గీసినట్టే.

ఆరంభ శక్తి దాటితే చర్యకు అనుమతి దొరికినట్టే కానీ, అది జరిగి తీరుతుందన్న హామీ లేదు. ప్రోటాన్‌కూ ఆక్సిజన్ కేంద్రకానికీ రెండింటికీ ధన విద్యుదావేశమే. దగ్గరికి వచ్చేకొద్దీ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఈ వికర్షణ గురించి ద్రవ్యరాశుల పట్టికకు ఏమీ తెలియదు. అదే నీటిలో జరిగే మరో చర్యను చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. ప్రోటాన్ ఆక్సిజన్-18లో చేరి, న్యూట్రాన్‌కు బదులు ఆల్ఫా కణం బయటికొస్తే నైట్రోజన్-15 మిగులుతుంది. దాని క్యూ విలువ +3.980 ఎంఈవీ. ధన సంఖ్య కాబట్టి ఆరంభ శక్తి అంటూ లేదు, కాగితం మీద చూస్తే నిదానంగా కదిలే ప్రోటాన్‌కూ అది సాధ్యమే. అయినా హైడ్రోజన్, ఆక్సిజన్-18 పక్కపక్కనే ఉన్న ఆ నీరు సీసాలో ఎన్నాళ్లున్నా దానంతట అది నైట్రోజన్‌గా మారదు. మామూలు ఉష్ణోగ్రతలో ప్రోటాన్‌ను కేంద్రకం దగ్గరికి వికర్షణ రానివ్వదు.

నీటి స్వచ్ఛత సంగతి కూడా ఇదే లెక్కతో తేలుతుంది. ఎంత చిక్కబరిచినా ఆ నీటిలో మామూలు ఆక్సిజన్-16 కొంచెం మిగిలే ఉంటుంది. ప్రోటాన్ దాన్ని కొడితే ఆల్ఫా కణం వెలువడి నైట్రోజన్-13 పుట్టవచ్చు. పట్టిక తీసి చూద్దాం. ఆక్సిజన్-16 ద్రవ్యరాశి 15.994915, హైడ్రోజన్‌తో కలిపి 17.002740. నైట్రోజన్-13 ద్రవ్యరాశి 13.005739, హీలియం-4ది 4.002603, కలిపి 17.008342. క్యూ విలువ −5.218 ఎంఈవీ. ఆరంభ శక్తి 5.547. నీటిలోకి దిగే ప్రోటాన్లకు అంతకు మూడింతల శక్తి ఉంది కాబట్టి ఈ నైట్రోజన్ పుట్టకుండా ఆపలేం. ప్రోటాన్ల శక్తినే 5.5కి తగ్గిస్తే ఆపవచ్చు కదా అంటే, ఫ్లోరిన్ పంటలో చాలా భాగం దాంతోపాటే పోతుంది.

పైగా నైట్రోజన్-13 కూడా పాజిట్రాన్లనే వదులుతుంది. పాజిట్రాన్ ఎక్కడి నుంచి వచ్చినా ఎలక్ట్రాన్‌తో కలిసి నశించి 0.511 ఎంఈవీ గామా కిరణాలనే ఇస్తుంది. కాబట్టి ఆ కిరణాల శక్తిని కొలిచి ఇది ఫ్లోరిన్, అది నైట్రోజన్ అని వేరుచేయడం కుదరదు. వేరుచేసేది కాలం. నైట్రోజన్-13 అర్ధాయువు సుమారు 10 నిమిషాలు, ఫ్లోరిన్‌ది 110. అందుకే తయారైన మందును బయటికి పంపే ముందు చేసే పరీక్షల్లో అర్ధాయువు కొలవడం ఒకటి. కాస్త వ్యవధినిచ్చి రెండు మూడుసార్లు రేడియోధార్మికత చూసి, అది 105 నుంచి 115 నిమిషాల మధ్య తేలితేనే ఒప్పుకుంటారు. నైట్రోజన్ ఎక్కువగా కలిసి ఉంటే తగ్గుదల వేగంగా ఉండి, అర్ధాయువు ఈ హద్దుకు కిందే తేలుతుంది. అప్పుడు అనుమానించాల్సిన వాటిలో నీరు ఒకటి. ఆక్సిజన్-18 శాతం తగ్గిందేమో, మామూలు నీరు కలిసిందేమో చూడాలి. ఫ్లోరిన్ సగమయ్యే 110 నిమిషాల్లో నైట్రోజన్ పదకొండుసార్లు సగమై రెండువేల వంతుకు పడిపోతుంది.